ఎక్కడ ఆగాలో తెలిసిన కిరణం

మన ఎన్నారై కుటుంబాల్లో ఏ పసిబిడ్డకైనా మెదడులో ట్యూమర్ అని తేలితే, ఆ వార్త వెనకాలే వాట్సాప్ గ్రూపుల్లో 'ప్రోటాన్' అనే మాట తిరగడం మొదలవుతుంది. మామూలు రేడియేషన్ కంటే అది పదింతలు పవర్‌ఫుల్ అని ఒకరంటారు. సైడ్ ఎఫెక్టులే ఉండవని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలూ తప్పే. క్యాన్సర్ కణాన్ని చంపడంలో ప్రోటాన్‌కూ ఎక్స్-రేకూ పెద్ద తేడా లేదు. డాక్టర్లు డోసు లెక్క కట్టేటప్పుడు ప్రోటాన్‌కు అదనంగా ఇచ్చే బలం 10 శాతమే. దాని విలువంతా ట్యూమర్ వెనక ఉన్న మంచి భాగాలను తాకకుండా వదిలేయడంలో ఉంది. ఈ ఒక్క విషయం అర్థమైతే, దాని కోసం ఎవరు గట్టిగా పట్టుబట్టాలో, ఎవరు ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదో తెలిసిపోతుంది.

ముందు ఎక్స్-రే సంగతి చూద్దాం. చికిత్సకు వాడే ఎక్స్-రే ఒకవైపు నుంచి ఒంట్లోకి దూరి, రెండోవైపు నుంచి బయటికి పోతుంది. దాని ప్రభావం చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర అత్యధికంగా ఉండి, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతుంది. పది సెంటీమీటర్ల లోతుకు వెళ్లినా సుమారు మూడింట రెండు వంతులు మిగిలే ఉంటుంది. అంటే దారిలో ఉన్న ప్రతి అవయవమూ తన వాటా పుచ్చుకోవాల్సిందే. ఇప్పటి యంత్రాలు అనేక దిక్కుల నుంచి కిరణాలు పంపి ట్యూమర్ దగ్గర డోసును బాగా పోగుచేస్తాయి. కానీ ఆ కిరణాలు ట్యూమర్ దాటి పోవడం మాత్రం ఆగదు.

ప్రోటాన్ అలా కాదు. అది బరువున్న, విద్యుదావేశం ఉన్న కణం. వేగంగా పోతున్నప్పుడు దారిలోని కణాలకు కొద్దిపాటి శక్తినే వదులుతుంది. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ వదులుతూ, ఆగిపోయే ముందు మిగిలినదంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైలు స్టేషన్లు దాటిపోయి చివరి స్టేషన్‌లో జనాన్నంతా దించేసినట్టు అనుకోండి. ఆ చివరి పోటునే 'బ్రాగ్ పీక్' అంటారు. ఎంత లోతులో ఆగాలో మనం ఇచ్చే శక్తిని బట్టి ఉంటుంది. 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టులతో పంపితే నీటిలో సుమారు ఏడున్నర సెంటీమీటర్లు, 150తో పంపితే సుమారు 16 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. మన కండరాలు, మెదడు చాలావరకు నీటిలాంటివే. అందుకే శక్తిని మార్చుకుంటూ ట్యూమర్‌ను లోతు నుంచి పైకి పొరలు పొరలుగా నింపుతారు. దీన్ని వైద్యానికి వాడవచ్చని రాబర్ట్ విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1946లోనే రాశారు. 1954లో బర్కిలీలో మొదటి రోగికి ఇచ్చారు. ఆసుపత్రిలోనే పూర్తిస్థాయి ప్రోటాన్ కేంద్రం 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో వచ్చింది.

ఇప్పుడు ఒక ఏడేళ్ల బాబు ఉన్నాడనుకుందాం. కొన్ని వారాలుగా పొద్దున్నే తలనొప్పి, వాంతులు, నడకలో తూలు. స్కాన్ తీస్తే చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా. ఆపరేషన్‌తో గడ్డను తీసేశారు. కానీ ఈ జబ్బు కణాలు వెన్నులోని ద్రవంలో కొట్టుకుపోయి ఎక్కడైనా మొలవగలవు. అందుకని ఒక్క గడ్డ ఉన్న చోటుకే కాక మెదడు మొత్తానికీ, వెన్ను పొడవునా రేడియేషన్ ఇవ్వాలి. వ్యాప్తి లేని పిల్లల్లో సాధారణంగా మెదడు, వెన్నులకు 13 సిట్టింగుల్లో 23.4 గ్రేలు ఇచ్చి, గడ్డ ఉన్న చోటుకు మరో 17 సిట్టింగులతో మొత్తం 54 గ్రేలకు తీసుకెళతారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు.

ఎక్స్-రేకూ ప్రోటాన్‌కూ తేడా ఈ వెన్ను దగ్గరే స్పష్టంగా కనబడుతుంది. వెనక నుంచి వెన్నుకు ఎక్స్-రే ఇస్తే అది వెన్నుతో ఆగదు. ముందున్న థైరాయిడ్, గుండె, అన్నవాహిక, పేగులు, ఆడపిల్లలైతే అండాశయాల గుండా పోతుంది. ఆ వారాల్లో వాంతులు, ఆకలి లేకపోవడం అందువల్లే ఎక్కువ. ముప్పై నలభై ఏళ్ల తర్వాత గుండె జబ్బు, మరో కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ప్రోటాన్ అయితే వెన్నుపూసను దాటగానే ఆగిపోతుంది, గుండె దాకా పోదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎదిగే పిల్లల్లో వెన్నుపూసలో సగానికే డోసు తగిలితే ఆ సగం సరిగా ఎదగక వెన్ను వంకరపోవచ్చు. అందుకే కావాలనే పూస మొత్తాన్ని కలుపుకొని, దాని ముందు అంచు దాటాక ఆపుతారు. ఎత్తు కొంత తగ్గుతుంది, కానీ వంకర రాదు.

ఫలితం ఎలా ఉంది? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి డాక్టర్లు ఇలాంటి 59 మందికి ప్రోటాన్ ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించి, 2016లో లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవారు సుమారు 80 శాతం. ఇది ఎక్స్-రే ఫలితాలకు దగ్గరగానే ఉంది. గుండె, ఊపిరితిత్తులు, పేగుల్లో ఆలస్యంగా వచ్చే నష్టం మాత్రం ఆ పిల్లల్లో కనబడలేదు. అయితే ఐదేళ్లకు 16 శాతం మందికి తీవ్రమైన వినికిడి లోపం, సగానికి పైగా పిల్లలకు హార్మోన్ లోపాలు వచ్చాయి. మెదడు మొత్తానికి రేడియేషన్ ఇవ్వక తప్పనప్పుడు అది ప్రోటాన్ అయినా మెదడుకు తగిలేది తగులుతుంది. 'సైడ్ ఎఫెక్టులు లేవు' అని ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు తర్వాత కుంగిపోయేది ఇందుకే.

ప్రోటాన్‌కు ఉన్న గొప్ప గుణమే దాని బలహీనత కూడా. ఎక్స్-రే దారిలో ఒకట్రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే డోసు పెద్దగా మారదు. ప్రోటాన్ ఆగాల్సిన చోటుకు ముందే ఆగితే ట్యూమర్‌లో కొంత భాగం మిగిలిపోతుంది. దాటిపోతే పూర్తి డోసు మంచి భాగంలో పడుతుంది. సీటీ స్కాన్ చూసి లోతును లెక్కగట్టడంలోనే సుమారు మూడున్నర శాతం పొరపాటుకు చోటిస్తారు. అంటే పది సెంటీమీటర్ల లోతులో మూడున్నర మిల్లీమీటర్లు. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు మెదడుకాండం ముందు సరిగ్గా ఆగేలా ఒక్క కిరణాన్నే నమ్ముకోరు. వేర్వేరు కోణాలు కలుపుతారు. పిల్లాడికి జలుబు చేసి సైనస్‌లు నిండినా, స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బినా, బరువు తగ్గినా కిరణం ఆగే చోటు మారుతుంది. అందుకే చికిత్స మధ్యలో మళ్లీ సీటీ తీసి లెక్క సరిచూడాలి. 'మళ్లీ స్కాన్ ఎప్పుడు తీస్తారు?' అని మీరు అడగడంలో తప్పేమీ లేదు.

పిల్లల తర్వాత ప్రోటాన్ నిజంగా అవసరమయ్యేది కీలకమైన అవయవాలకు ఆనుకుని ఉన్న ట్యూమర్లకు. పుర్రె అడుగున వచ్చే కార్డోమా దీనికి మంచి ఉదాహరణ. దాన్ని అదుపు చేయాలంటే 70 గ్రేలకు పైగా కావాలి. పక్కనే ఉన్న మెదడుకాండం తట్టుకునేది సుమారు 54 గ్రేలు. కొన్ని మిల్లీమీటర్ల దూరంలో అంత తేడా చూపడం ప్రోటాన్‌కు తేలిక. కానీ ప్రోస్టేట్ సంగతి వేరు. అమెరికాలో సుమారు 450 మందిపై ప్రోటాన్‌ను, ఆధునిక ఎక్స్-రేను పోల్చి చూసిన పార్టిక్వల్ పరీక్ష ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. జబ్బు అదుపులోనూ, పేగులకు సంబంధించిన ఇబ్బందుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఊళ్లో ఉన్న నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని, ఇక్కడి నుంచి అప్పు చేసి మరీ ప్రోటాన్ ఇప్పించాలని తపించే కొడుకులు, కూతుళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆ డబ్బు ఆయనకు వేరే రకంగా ఎక్కువ ఉపయోగపడుతుంది.

నా అభిప్రాయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు డబ్బు విషయంలో కాదు, కాలం విషయంలో. మెడుల్లోబ్లాస్టోమాలో ఆపరేషన్ తర్వాత నాలుగైదు వారాల్లో రేడియేషన్ మొదలవ్వాలి. ఏడు వారాలు దాటితే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుందని యూరప్ పరీక్షల్లో కనబడింది. ప్రోటాన్ కోసం మూడు రాష్ట్రాలు తిరుగుతూ, ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటించుకుంటే, గుండెను కాపాడబోయి ప్రాణాన్నే పణంగా పెట్టినట్టు. అందుకని ఆపరేషన్ అయిన వారంలోనే ప్రోటాన్ కేంద్రానికి కాగితాలు పంపించాలి. అమెరికాలో ఇన్సూరెన్స్ కాదంటే అక్కడితో ఆగకండి. మీ డాక్టర్‌నే ఇన్సూరెన్స్ డాక్టర్‌తో నేరుగా మాట్లాడమనండి. అదే బిడ్డకు ఎక్స్-రే ప్లాన్, ప్రోటాన్ ప్లాన్ రెండూ వేయించి, గుండెకు, లోపలి చెవికి ఎంత డోసు పడుతుందో పక్కపక్కనే చూపించమనండి. అత్యవసర అప్పీల్ అని రాస్తే సాధారణంగా 72 గంటల్లో తేల్చాలి. బ్రిటన్‌లో అర్హత ఉన్నవారికి ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతోనే మాంచెస్టర్‌లోని క్రిస్టీలో 2018 నుంచి, లండన్‌లోని యూసీఎల్‌హెచ్‌లో 2021 నుంచి ఇస్తున్నారు. స్వదేశంలో ఉన్న బంధువుల బిడ్డ కోసమైతే చెన్నైలోని అపోలోలో 2019 నుంచి ప్రోటాన్ కేంద్రం ఉంది. అమెరికా వీసా కోసం వారాలు పోగొట్టుకునే ముందు అక్కడ అడగాలి.

ఇంత చేసినా గడువులోగా ప్రోటాన్ దొరక్కపోతే, పిల్లల క్యాన్సర్‌లో అనుభవం ఉన్న చోట మంచి ఎక్స్-రే చికిత్స వెంటనే మొదలుపెట్టండి. అది ఓటమి కాదు. ఈ జబ్బు నుంచి బయటపడి ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లలో చాలామంది ఎక్స్-రేతో నయమైనవాళ్లే. ఇకపై ఏ బిడ్డ కోసమైనా గ్రూపులో విరాళాల లింకు వచ్చినప్పుడు డబ్బుతో పాటు ఒక ప్రశ్న కూడా పంపుదాం. ఆపరేషన్ అయి ఎన్ని రోజులైంది, రేడియేషన్ మొదలయ్యే తేదీ ఖాయమైందా?