పెళ్లి ముహూర్తానికి జుట్టు మొలవదు

మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా రోడ్డు పొడవునా హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ బోర్డులే. లోపలికి వెళ్లేవాళ్లలో చాలామంది ఐటీ కుర్రాళ్లు. సంబంధాలు చూస్తున్నారు, ఫొటోలో నుదురు పెద్దదిగా కనిపిస్తోంది, పెళ్లిలోపు పని అయిపోవాలి. ఈ తొందరే నన్ను భయపెడుతుంది. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఓ డెంటల్ క్లినిక్‌లో, పెళ్లి దగ్గరపడిన 28 ఏళ్ల యువకుడు చిరునవ్వు సరిచేయించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మత్తుమందు ఎక్కువైందని అతని తండ్రి ఆరోపించారు.

ఇరవయ్యేడేళ్ల అబ్బాయికి మూడు నెలల్లో పెళ్లి అనుకుందాం. తల వెనకభాగం నుంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి ముందువైపు నాటుతారు. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ వెంట్రుకలు రాలిపోతాయి. అది మామూలే, కుదురు లోపలే ఉంటుంది. మూడు, నాలుగు నెలలకు కొత్తవి మొలవడం మొదలై, పూర్తిగా కనిపించేసరికి ఏడాది పడుతుంది. అంటే పీటల మీద కూర్చునే రోజుకు అతని తల ఇప్పటికంటే పలచగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

అసలు చిక్కు వయసుతోనే. ఆపరేషన్ జుట్టు చోటు మారుస్తుందే తప్ప బట్టతలను ఆపదు. నాటిన ముందు వరుస నిలిచి, దాని వెనక సొంత జుట్టు రాలుతూ పోతే నలభై ఏళ్లకు మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి వెనక నుంచి తీయగలిగినదీ పరిమితమే, తీసినచోట మళ్లీ మొలవదు. అందుకే మంచి డాక్టర్ ముందు కొన్నాళ్లు మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వాడి చూద్దామంటారు. ఫినాస్టరైడ్ కొందరిలో లైంగిక ఇబ్బందులు తెస్తుంది, పైగా మానేస్తే నిలిచిన జుట్టూ పోతుంది. పెళ్లయ్యాక కూడా ఏళ్ల తరబడి ఇవి వాడే ఓపిక ఉందా? సంబంధాల గొడవే లేకపోతే ఈ పని చేయించుకుంటాడా? ఈ రెండూ అతను ముందే తేల్చుకోవాలి.

గ్రాఫ్టుకు నలభై రూపాయల చొప్పున 2,500 గ్రాఫ్టులైతే లక్ష. దానిపై 18 శాతం జీఎస్టీ. వైద్యానికున్న మినహాయింపు దీనికి లేదు, ఆరోగ్య బీమా మామూలుగా ఇవ్వదు. మందుల ఖర్చు వేరు.

ఎవరి చేయి పడుతుందన్నది అన్నిటికంటే ముఖ్యం. వీడియోలు, వర్క్‌షాపులు చూసి నేర్చుకున్నది చాలదని, శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన డాక్టరే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. తలంతా మొద్దుబార్చే లిగ్నోకైన్‌కు శరీర బరువును బట్టి ఓ హద్దు ఉంటుంది. అది దాటితే మొదట నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. ఇంజెక్షన్ ఎవరిస్తారు, నా బరువుకు ఎంత ఇస్తారు, ఆక్సిజన్ ఎక్కడుంది అని అడగండి. వీటికి డాక్టర్ బదులు ప్యాకేజీ మాట్లాడే కౌన్సిలర్ జవాబు చెబితే అడ్వాన్సు కట్టకుండా లేచి వచ్చేయండి.