అది తర్వాతి మాట ఊహిస్తుంది, నిజం వెతకదు



ఈమధ్య మనలో చాలామంది అర్జీలు, ప్రాజెక్టు రిపోర్టులు చాట్‌జీపీటీ లాంటి వాటితో రాయించుకుంటున్నాం. అది తప్పని మేం అనడం లేదు. కానీ అందులో వచ్చే జీవో నంబరు, సెక్షన్, తీర్పు పేరు అసలు కాగితంతో సరిచూడకుండా ఎక్కడికీ పంపకూడదన్నది మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

2023లో న్యూయార్క్ కోర్టులో ఒక కేసు నడిచింది. విమానంలో భోజనాలు తెచ్చే బండి మోకాలికి తగిలి దెబ్బ తగిలిందని ఒక ప్రయాణికుడు ఏవియాంకా విమాన సంస్థ మీద దావా వేశాడు. ఆయన తరఫు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు చూపించారు. వాటిలో ఒకటి ‘వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్’, 925 F.3d 1339, 2019 నాటిదట. ఎంత వెతికినా అలాంటి తీర్పు దొరకలేదు. అది నిజమైన కేసేనా అని లాయర్ చాట్‌జీపీటీనే మళ్లీ అడిగితే నిజమేనంది. చివరకు ఆరు తీర్పులు లేనేలేవని తేలింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు.

ఇప్పుడు ఆ నంబరు చూడండి. F.3d అనేది అమెరికా కోర్టు తీర్పుల పుస్తకాల వరుస. 925 సంపుటం, 1339 పేజీ. ఆ సంపుటం, ఆ పేజీ నిజంగానే ఉన్నాయి. కాకపోతే అక్కడున్నది వేరే కేసు. రూపం అంతా సరిగ్గా ఉంది, లోపల సరుకే లేదు. ఇది ఎలా జరుగుతుంది?

ఈ మోడల్ చేసే పని ఒక్కటే. ఇంతవరకు ఉన్న మాటలు చూసి, తర్వాత ఏ మాట రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కేస్తుంది. ఒకటి ఎంచుకుంటుంది. దాన్ని కలుపుకుని మళ్లీ లెక్కేస్తుంది. కోట్ల పేజీలు చదివి నేర్చుకున్నది ఈ లెక్కనే. తీర్పు పేరు తర్వాత సంపుటం, వరుస పేరు, పేజీ, సంవత్సరం వస్తాయన్నది లక్షలసార్లు చూసింది కాబట్టి ఆ వరుస తప్పదు. కానీ ఏ అంకె అన్నది ఒక్కో కేసుకు వేరు. అరుదైన కేసు అయితే ఏ అంకెకూ గట్టి అవకాశం ఉండదు, వందల అంకెలకు తలా కొంచెం ఉంటుంది. అయినా ఏదో ఒకటి రాయాలి, రాస్తుంది. ఇక్కడ నిజం చెప్పడానికి ఒక పని, అబద్ధానికి ఇంకో పని లేవు. రెండూ ఒకే లెక్కలోంచి వస్తాయి.

మరి ఆ ధీమా ఎక్కడిది? అది చదివిన తీర్పులు, పాఠ్యపుస్తకాలు అన్నీ ధీమాగా రాసినవే. ‘ఈ పేజీ నంబరు నాకు తెలియదు’ అని ఏ తీర్పులోనూ ఉండదు. కాబట్టి వాక్యం గట్టిగా ఉండడం రాత తీరు మాత్రమే, లోపలి అంకె గట్టిదని కాదు. పైగా ఈ మోడళ్లకు పెట్టే పరీక్షలు చాలావరకు నెగెటివ్ మార్కింగ్ లేనివి. సరైన జవాబుకు మార్కు, వదిలేస్తే సున్నా, తప్పు రాసినా సున్నా. అలాంటి పేపర్లో మనం మాత్రం ఏ బిట్ వదిలేస్తాం? 2025లో ఓపెన్‌ఏఐ పరిశోధకులే ఒక పేపర్లో ఈ మాట రాశారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సమతా తీర్పు ఏ సంవత్సరం అని అడిగితే 1997 అని సరిగ్గా చెప్పే అవకాశమే ఎక్కువ, దాని గురించి చాలా రాశారు కాబట్టి. కానీ 1/70 చట్టం కింద మన మండలంలో ఒక భూమి మీద వచ్చిన ఆర్డర్ నంబరు అడిగితే? దాని గురించి నెట్‌లో ఒక్క ముక్క కూడా లేకపోవచ్చు. అయినా నంబరు, తేదీ, సెక్షన్ అన్నీ అదే ధీమాతో వచ్చే ప్రమాదం ఉంది. మన గురించి ఎంత తక్కువ రాసి ఉంటే, మన విషయంలో అంత ఎక్కువ ఊహ. ఆ అర్జీ ఆఫీసులో పడ్డాక నంబరు తప్పని తేలితే, దాన్ని పక్కన పడేయడానికి అదే సాకు అవుతుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. అదే ప్రశ్న కొత్త చాట్‌లో మూడు నాలుగుసార్లు అడగండి. నంబరు మారుతూ ఉంటే అది ఊహే. మారకపోతే మాత్రం నిజమని అనుకోవద్దు. పదిమంది తప్పుగా రాసినది చదివినా అదే తప్పు ప్రతిసారీ చెప్తుంది. ‘ఇది నిజమేనా’ అని దాన్నే అడగడం దండగ, ఆ జవాబు కూడా అదే ఊహ. నెట్‌లో వెతికి చెప్పే రకాలు కొంత నయం, కానీ అవి ఇచ్చిన లింకు తెరిచి మనమే చదవాలి.

అర్జీ భాష దిద్దించుకోండి, పెద్ద తీర్పు ముందు పెట్టి అర్థం చెప్పించుకోండి. నంబరు, తేదీ, పేరు మాత్రం జీవో కాపీలోంచి, తీర్పు కాపీలోంచి మన చేత్తో ఎక్కిద్దాం. కాపీ చేతిలో లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి, కాపీ కోసం ఆర్టీఐ పెడదాం.