కుక్క కష్టమా, శునకం కష్టమా?



సెలవులు వచ్చినప్పుడల్లా రెండో తరగతి పిల్లల డైరీలో మేము ఒక పని రాసి పంపిస్తాం: ‘తేలిక మాటలతో ఒక చిన్న తెలుగు కథ, చివర నీతి.’ రాయవలసింది పిల్లలే అయినా, చాలా ఇళ్లలో అది ఆదివారం రాత్రి మీ మీద పడుతుందని మాకు తెలుసు. మీరు ఎక్కడో వెతికి ఒక కథ పట్టుకుంటారు, పిల్లలు దాన్ని చూసి రాస్తారు, సోమవారం ఆ నోటు పుస్తకాలు నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో సగానికి పైగా ఇలా మొదలవుతాయి:

‘పూర్వం ఒక గ్రామంలో రాముడు అనే బాలుడు నివసించేవాడు. అతని గృహం ఎదుట ఒక జామ వృక్షం కలదు.’

దీన్ని రాసుకొచ్చిన అబ్బాయి ఒకడు గడగడా చదివేశాడు. ‘గృహం అంటే ఏమిటి నాన్నా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి ‘గుహ’ అన్నాడు. రాముడు గుహలో ఉంటాడని వాడు కథంతా అలాగే ఊహించుకున్నాడు. పాపం, తప్పు వాడిది కాదు. వాళ్ల ఇంట్లో ఎవరూ ‘గృహానికి వెళ్దాం పద’ అనరు కదా.

మనం ‘తేలిక మాట’ అన్నప్పుడు రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తున్నామని నా అభిప్రాయం. చదవడానికి తేలికైన మాట ఒకటి, తెలిసిన మాట ఇంకొకటి. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. ‘శునకం’ చూడండి. ఒక్క వత్తు లేదు, గుణింతం వచ్చిన పిల్లలు ఎవరైనా చదివేస్తారు. ‘కుక్క’లో క వత్తు ఉంది. అందుకని మొదటిది తేలిక, రెండోది కష్టం అనుకుంటే పిల్లవాడికి చదవడం వస్తుంది, కుక్క మాత్రం కనబడదు. అమ్మ, నాన్న, అన్నం, అక్క, చెల్లి, పిల్లి, చెట్టు, పువ్వు, బొమ్మ. పిల్లలు మొదట నేర్చిన తెలుగు మాటలు ఎన్నో ఇలా వత్తులతోనే ఉన్నాయి. ‘వత్తులు లేని కథ’ అని పట్టుబట్టి ఇవన్నీ తీసేస్తే మిగిలేది జనని, తరువు, శునకం.

వత్తులన్నీ ఒకే రకం కష్టం కావని కూడా గమనించండి. ఒక అక్షరానికి అదే అక్షరం వత్తుగా వస్తే దాన్ని ద్విత్వం అంటాం: కుక్క, చెట్టు, అమ్మ. వేరే అక్షరం వత్తుగా వస్తే సంయుక్తం: వృక్షం, ధైర్యం, మిత్రుడు. ద్విత్వంలో పిల్లలు పలకవలసింది ఒకే ధ్వని, కాస్త ఒత్తి పలికితే చాలు. అది వాళ్ల నోటికి ముందే అలవాటు. చిక్కు ఒక్కటే: త, న, మ, య, ర, ల అక్షరాల వత్తులు అసలు అక్షరం లాగా కనబడవు. ‘అమ్మ’లో కింద ఉన్న గుర్తుకీ పైనున్న ‘మ’కీ పోలిక ఎక్కడుంది చెప్పండి? అందుకే రెండో తరగతిలో ‘గడ్డి’ చదివిన పిల్లలే ‘పిల్లి’ దగ్గర ఆగుతారు. ఆగినా ఫరవాలేదు. పక్కన పిల్లి బొమ్మ ఉంటే, లేదా వాక్యంలో ‘పాలు తాగింది’ అని ఉంటే, వాళ్లే పట్టేస్తారు. తెలిసిన మాట దగ్గర ఆగడం వేరు, తెలియని మాటను ఆగకుండా దాటేయడం వేరు. నాకు రెండోదే భయం.

అదే జామ చెట్టు కథను ఇలా రాసి మా రెండో తరగతిలో చదివించాను:

‘రాము ఇంటి ముందు జామ చెట్టు ఉంది. చెట్టుకు ఒక కాయ కాసింది. రాము రోజూ ఆ కాయను చూసేవాడు. “ఇది నాది” అనేవాడు.

కాయ పండింది. ఒక కాకి వచ్చింది. పండును పొడిచింది. ముక్క పట్టుకుని ఎగిరింది. రాముకు కోపం వచ్చింది. రాయి తీశాడు.

కాకి పక్క చెట్టు మీద వాలింది. అక్కడ గూడు ఉంది. గూటిలో మూడు పిల్లలు ఉన్నాయి. మూడూ నోరు తెరిచాయి. కాకి ఆ ముక్కను పిల్లల నోటిలో పెట్టింది.

రాము రాయి కింద పడేశాడు.

“ఏమైంది రా?” అంది అమ్మమ్మ.

“వాటికి ఆకలి అమ్మమ్మా” అన్నాడు రాము.

వారం తరువాత ఇంకో కాయ పండింది. రాము సగం తిన్నాడు. సగం గోడ మీద పెట్టాడు.’

ఇందులో ద్విత్వాలు చాలా ఉన్నాయి, సంయుక్తం ఒక్కటీ లేదు. ఏ వాక్యమూ ఆరు మాటలు దాటలేదు. ఇది లెక్క కోసం పెట్టుకున్న నియమం కాదు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘రాము ఇంటి ముందు ఉన్న జామ చెట్టుకు కాసిన కాయను పక్క ఊరి నుంచి వచ్చిన ఒక కాకి’ అంటూ పోతే, ఎవరు ఏం చేశారో తెలియడానికి పిల్లలు చివరి దాకా మోసుకుంటూ వెళ్లాలి. అక్షరం అక్షరం కూడబలుక్కునే వయసులో అంత బరువు మోయలేరు. చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతారు.

మాటలను విడదీసి రాయడం కూడా అందుకే. మనం మాట్లాడేటప్పుడు ‘ఏమైందంటోంది’, ‘పట్టుకెళ్లిపోయిందనుకున్నాడు’ అంటాం. చెవికి అవి తేలికే. కాగితం మీద అంత పొడుగు మాట చూస్తే ఏడేళ్ల పిల్లలకు గుండె జారుతుంది. చెవికి తేలికైనదంతా కంటికి తేలిక కాదు. ఇక్కడ మాత్రం మాటను కాస్త విరవక తప్పదు.

‘గూడు’ తరువాతి వాక్యంలోనే ‘గూటిలో’, ‘నోరు’ తరువాత ‘నోటిలో’ అని కావాలనే పెట్టాను. మన పిల్లలు ‘ఇల్లులో’, ‘నోరులో’ అని రాస్తున్నారు. ఇంగ్లీషు మీడియంలో రోజంతా ఉంటారు కాబట్టి ఇల్లు ‘ఇంటి’గా మారడం వాళ్ల చెవిన తక్కువ పడుతోంది. సూత్రం చెబితే ఇది రాదు. రెండు రూపాలూ పక్కపక్కన పదిసార్లు వింటే దానంతటదే వస్తుంది.

‘తింది’ అనాలా, ‘తిన్నది’ అనాలా, ‘అంది’యా, ‘అన్నది’యా అని కొందరు అడుగుతారు. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి. గుంటూరు ఇంటి పిల్లలు, వరంగల్ ఇంటి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఇద్దరివీ తెలుగే. నేను మార్కులు తగ్గించను. బస్సు, పెన్సిల్, రబ్బరు లాంటి మాటలకు కూడా భయపడకండి. వాటికి పుస్తకాల తెలుగు వెతికితే మళ్లీ గుహలోకి వెళ్తాం.

ఈ పుస్తకాల తెలుగు మనకు వారసత్వంగా వచ్చిన అలవాటు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వచ్చింది. బళ్లలో వచనం అంటే అలాగే ఉండాలని చాలాకాలం నమ్మారు. వాడుక భాషలో చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పోరాడింది ఆ పట్టుదల మీదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మన బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. ఆ రోజు మైకు ముందు పిల్లల చేత కంఠస్థం చేయించి పలికించే ఉపన్యాసాలు వింటే ఆయన ఏమనేవారో! ఇందులో మా టీచర్ల వాటానే ఎక్కువ, ఒప్పుకుంటాను.

ఇక నీతి సంగతి. నోటు పుస్తకాల్లో చివరి గీత ఎప్పుడూ ఎర్ర సిరాతో ఉంటుంది: ‘నీతి: పరోపకారమే పరమ ధర్మం.’ కథ మొత్తంలో కష్టమైన వాక్యం తరచుగా ఇదే. నన్నడిగితే ఆ గీత వద్దు. రాము సగం పండు గోడ మీద పెట్టడంలోనే చెప్పవలసింది ఉంది. అయినా కథలో ఎవరో ఒకరు పైకి అనాలని మీకనిపిస్తే, అది ఇంట్లో మనిషి నోట రానివ్వండి. ‘ఆకలి అందరికీ ఒకటే రా’ అని అమ్మమ్మ అనవచ్చు. అందులో పిల్లలకు తెలియని మాట ఒక్కటీ లేదు, వేలు చూపించి చెప్పినట్టూ ఉండదు.

నీతి అందిందో లేదో ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని అడిగితే తెలియదు. దానికి పిల్లల దగ్గర తయారుగా ఉన్న జవాబులు నాలుగున్నాయి: మంచిగా ఉండాలి, అబద్ధం చెప్పకూడదు, పెద్దల మాట వినాలి, అందరికీ సాయం చేయాలి. ఏ కథకైనా వాటిలో ఒకటి అతికిస్తారు. ‘రాము రాయి ఎందుకు పడేశాడు?’ అని అడిగి చూడండి. కథ అర్థమైతేనే దానికి జవాబు వస్తుంది. నేను అడిగితే ఒక పాప ‘కాకికి కాదు, కాకి పిల్లలకు తగులుతుందని’ అంది. కథ రాసిన నాకే అది తట్టలేదు. ఇంకొక బాబు ‘గోడ మీద పెడితే చీమలు పడతాయి మేడమ్, కొమ్మ మీదే వదిలేయాలి’ అన్నాడు. అది కూడా సరైన జవాబే.

ఈసారి డైరీలో ఆ పని వచ్చినప్పుడు ముందు కథను మీ పిల్లలకు నోటితో చెప్పండి. చెప్పినప్పుడు మీరు వాడిన మాటలనే కాగితం మీద పెట్టండి. తరువాత వాళ్ల చేత పైకి చదివించి, పెన్సిల్‌తో రెండు రకాల గుర్తులు పెట్టండి. ఆగి, కూడబలుక్కుని, చదివాక ముఖం వెలిగిన మాటకు చుక్క. ఆగకుండా చదివి, అర్థం అడిగితే దిక్కులు చూసిన మాటకు గీత. చుక్కలు ఎన్నున్నా ఉండనివ్వండి. గీత పడిన మాటల్లో ఒక్కటి మాత్రం ఉంచి, దాని పక్కన చిన్న బొమ్మ వేయించండి. అపార్టుమెంటులో పెరిగే పిల్లలు ‘గూడు’ చూసి ఉండకపోవచ్చు కదా, అలాంటి మాట నేర్చుకోవలసిందే. మిగతా గీతలకు మాట మార్చండి.

ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాయించకండి. చుక్కలు, గీతలతోనే వచ్చే పేరెంట్స్ మీటింగుకు పట్టుకురండి.