మందు కాదు, మందు పంచుకోవడమే ప్రమాదం: మా ఊరి ఆశా అక్క చెప్పిన మాటలు

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఇందులో నా తప్పు కూడా ఉంది, అందుకే రాస్తున్నా.

పోయిన వారం మా ఊరి మీటింగ్‌లో రోడ్డు గురించి, రేషన్ గురించి మాట్లాడటం అయిపోయాక, జనం లేచి వెళ్ళబోతుంటే మా ఆశా అక్క నిలబడింది. "పావుగంట కూర్చోండి, దురద గురించి చెప్పాలి" అంది. ముందు అందరూ నవ్వారు. దురద గురించి మీటింగా అని.

ఆమె మొదలుపెట్టింది మాత్రం ఒక పిల్లాడి విషయంతో. పేరు చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వచ్చాడు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు. పగలు ఎలాగో ఉంటాడు, రాత్రి పడుకుంటే చాలు గోక్కుంటూనే ఉంటాడు. వాళ్ళమ్మ తామర అనుకుంది. అప్పటికే ఊళ్ళో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. నల్లజీడి గింజ కాల్చి వచ్చిన నూనె రాస్తే ఎంత పాత తామరైనా పోతుందని. ఆ మెసేజ్ మా ఊరి గ్రూపులో పెట్టింది నేనే. ఇంకో గ్రూపులో చూసి, మన వైద్యం కదా, నలుగురికీ తెలియాలి అనుకుని ఫార్వర్డ్ చేశా.

నల్లజీడి ఏంటో మనలో చాలామందికి తెలుసు. పూర్వం చాకలోళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. బట్ట మీదే పోని రసం చర్మాన్ని వదులుతుందా? మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందిన చెట్టు అది. ఆ రసం పడిన చోట చాలామందికి నల్లబడి, వాచి, నీటి పొక్కులు లేస్తాయి. ఒక్కోసారి వెంటనే కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత. పిల్లాడికి అదే జరిగింది. రెండో రోజుకి వేళ్ళు విచ్చుకోలేనంత వాచిపోయాయి, పొక్కులు పగిలి చీము పట్టింది.

అసలు వాడికి ఉన్నది తామర కాదు, గజ్జి. ఆశా అక్క ఇక్కడ నెమ్మదిగా చెప్పింది. తామర అంటే బూజు లాంటిది. గుండ్రంగా అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానుతూ బయటికి పాకుతుంది. గజ్జి అంటే కంటికి సరిగా కనపడని చిన్న పురుగు, చర్మం లోపల దారి చేసుకుని గుడ్లు పెడుతుంది. రాత్రి దురద ఎక్కువవడం, వేళ్ళ సందుల్లో రావడం, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కోవడం, ఈ మూడూ కలిస్తే ముందు గజ్జినే అనుమానించాలి అంది. రెండింటికీ మందు వేరు. కానీ మెసేజ్‌లో "దురదకి" అని మాత్రమే ఉంటుంది, ఏ దురదకో ఉండదు.

ఇంకో సంగతి నాకు అసలు తెలియదు. గజ్జి మొదటిసారి అంటినవాళ్ళకి దురద వెంటనే రాదట, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అంటే దురద లేనివాళ్ళ ఒంటి మీద కూడా పురుగు ఉండొచ్చు. అందుకే పిల్లాడికి ఒక్కడికే ఏం రాసినా లాభం లేదు. పీహెచ్‌సీలో ఇచ్చే పెర్మెత్రిన్ క్రీమ్‌ని ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో కూడా. రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ ఇంకోసారి. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి సంచిలో మూటకట్టి వారం పక్కన పెట్టాలి. చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే ముందు ఏఎన్ఎమ్మునో డాక్టర్నో అడగాలి.

పురుగు చచ్చాక కూడా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. సరిగ్గా అప్పుడే "క్రీమ్ పనిచేయలేదు" అని ఆకులు, నూనెలు, పక్కింటి ట్యూబు మొదలవుతాయి. ఆ ట్యూబుల సంగతి కూడా చెప్పింది. సంతలో, షాపుల్లో దొరికే కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. తామర మీద రాస్తే రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గుతాయి. బూజు మాత్రం చావదు, లోపల హాయిగా పాకుతుంది. తగ్గింది కదా అని ఆ ట్యూబు ఇంకో ఇంటికి వెళ్తుంది.

ఇక్కడ ఒక అవ్వ లేచింది. "ఏటి పాపా, అయితే మా ఆకులు పనికిరావంతావా? మీరు పుట్టకముందు మేం బతకలేదా?" నిజం చెప్పాలంటే నాకూ లోపల అదే ప్రశ్న ఉంది. మన వైద్యాన్ని ఎవడో వచ్చి తక్కువ చేస్తే మనకి కోపం వస్తుంది, రావాలి కూడా.

అక్క చెప్పింది, "అవ్వా, నేనూ నీ చేతి మందు తాగి పెరిగినదాన్నే. నువ్వు మందిచ్చేటప్పుడు ఏం చేస్తావు? మనిషిని కూర్చోబెట్టి చూస్తావు. ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతావు. ఆకు నువ్వే కోస్తావు, ఎంత వేయాలో నీ చేతికి తెలుసు. మర్నాడు మళ్ళీ చూస్తావు. ఫోన్లో వచ్చిన మందు ఎవరిని చూసింది?" అవ్వ ఏమీ అనలేదు, కూర్చుంది.

నా అభిప్రాయం కూడా ఇప్పుడు ఇదే. మనం గ్రూపుల్లో పంచుకునేది మన వైద్యం కాదు. చూసే కన్ను, కొలిచే చెయ్యి తీసేసి మిగిలిన తొక్క మాత్రమే. "మా మామకి తగ్గింది" అంటాం. మామకి అరికాలి మీద మందపాటి చర్మం, ఉన్నది వేరే జబ్బు. ఏడేళ్ళ పిల్లాడి వేళ్ళ సందులు వేరు. తగ్గినవాడు మెసేజ్ పెడతాడు, కాలినవాడు సిగ్గుపడి పెట్టడు. అందుకే గ్రూపు చూస్తే ప్రతి మందూ పనిచేసినట్టే ఉంటుంది. కొందరు మిత్రులు దీన్ని మన సంస్కృతి మీద దాడి అంటారని తెలుసు. నేను ఒప్పుకోను.

చివర్లో ఆమె చెప్పిన ఇంకో మనిషి సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. ముంజేతి మీద లేత రంగు మచ్చ ఉన్న ఒక పెద్దాయన. ఆయనకి దురద లేదు. ఎవరో చెప్పారని నెలల తరబడి ఏవేవో రాశాడు, ఒకసారి వేడి నూనెతో కాలింది. కాలినా నొప్పి తెలియలేదు. మందు చల్లగా బాగుందన్నాడట! అక్కకి అక్కడే అనుమానం వచ్చింది. కళ్ళు మూసుకోమని పెన్ను మొనతో తాకింది. చుట్టూ తాకితే చెప్పాడు, మచ్చ మీద తాకితే చెప్పలేదు. పీహెచ్‌సీకి తీసుకెళ్తే కుష్టు అని తేలింది. ఇప్పుడు నెలనెలా మాత్రల ప్యాకెట్ ఉచితంగా వస్తోంది. మనిషిని బట్టి ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు వాడాలి. నయమయ్యే జబ్బే. కానీ ఆలస్యమైతే చేతి నరాలు పోతాయి, పోయిన నరాలు తిరిగి రావు. ఆయన నెలల కొద్దీ పోగొట్టుకున్నది ఆ సమయమే.

పిల్లాడి చేతులు ఇప్పుడు మానుతున్నాయి. చీము పట్టిన గజ్జి పిల్లల విషయంలో ముఖం వాచినా, మూత్రం ఎర్రగా, టీ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురమ్మని అక్క వాళ్ళమ్మకి చెప్పింది, కిడ్నీలకి పాకొచ్చట. వాడి గదిలో పడుకునే మిగతా పిల్లలకి కూడా క్రీమ్ ఒకేసారి అందాలని వార్డెన్‌కి ఫోన్ చేసింది. లేకపోతే వీడు తిరిగి వెళ్ళగానే మళ్ళీ అంటుకుంటుంది. సెలవులు ఇంకో ఎనిమిది రోజులున్నాయి.

నేను ఆ వాయిస్ మెసేజ్ మా ఊరి గ్రూపులో డిలీట్ చేసి, ఎందుకు చేశానో రాశా. ఇదే గ్రూపులో కూడా అది రెండుసార్లు వచ్చింది. పెట్టినవాళ్ళు ఎవరో నాకు తెలుసు, కోపం లేదు. తీసేయండి అన్నా.