ముల్లు తీశాం, మొన మిగిలింది

కిందటేడు మా అత్తయ్యగారు హ్యూస్టన్ వచ్చినప్పుడు, పెరట్లో నిమ్మకొమ్మ పక్కకి తీస్తుంటే చూపుడు వేలి కొసలో ముల్లు దిగింది. ఆ టైముకి నేను క్లినిక్‌లో ఉన్నాను, అక్కడ నర్సుని. ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసి, కెలికి, ముల్లు లాగేసి, పసుపు అద్దుకున్నారు. మొన మాత్రం లోపలే విరిగిపోయింది.

రెండో రోజు రాత్రి నిద్రపోకుండా హాల్లో కూర్చుని ఉన్నారు. "వేలు సలుపుతోందమ్మా. ఇక్కడ డాక్టరంటే బోలెడు ఖర్చని చెప్పలేదు" అన్నారు. ఆవిడకి షుగరు కూడా ఉంది.

ముల్లు చివర పైకి కనిపిస్తుంటే ఇంట్లోనే తీయొచ్చు. ముందు చేతులు, వేలు సబ్బుతో కడగాలి. ట్వీజర్‌ని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి. ముల్లు ఏ వాలులో దిగిందో అదే వాలులో మెల్లగా లాగాలి. చర్మం కిందే ఉంటే, ఆల్కహాల్‌తో తుడిచిన సూదితో పైపొర కాస్త విప్పి, చివర దొరికాక లాగాలి. నొక్కి పిండితే ముల్లు ముక్కలవుతుంది. నీళ్లలో నానబెడితే ఉబ్బి, మెత్తబడి, విరుగుతుంది. తీశాక మళ్లీ కడిగి, వాసెలిన్ రాసి బ్యాండేజ్ వేస్తే చాలు. లోతుగా ఉన్నా, ముక్క మిగిలినా కెలకకుండా డాక్టరుకి చూపించాలి.

వేలి కొసలోని కండ చిన్న చిన్న గదులుగా ఉంటుంది. లోపల చీము పడితే పక్కకి పోయే దారి ఉండదు, అందుకే అంత సలుపు. కొస బిగుసుకుపోయి, ఎర్రగా, వేడిగా ఉండి, నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే చీము పడుతోందని అనుమానించాలి. వేలంతా వాచి, వంగిపోయి, మెల్లగా చాపినా ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది నరాల దాకా, అంటే వేలిని కదిలించే తాళ్ల దాకా, పాకినట్టే. ఎర్రటి గీత చేతి మీదికి పాకినా, చలిజ్వరం వచ్చినా అంతే. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అత్తయ్యగారి వేలు చాపితే చాపుకుంది. జ్వరం, గీత లేవు. అందుకే పొద్దున్నే అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లాను. చెట్టు ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు కాబట్టి అల్ట్రాసౌండ్‌తో చూశారు. వేలికి మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి, చీముతో పాటు బియ్యపు గింజలో సగమంత మొన తీశారు. యాంటీబయాటిక్ రాశారు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేదంటే అదీ వేశారు. మట్టి అంటిన ముల్లయితే, చివరి టీకా వేసి అయిదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

ఊరెళ్లేటప్పుడు ఆవిడ పెట్టెలో నా ట్వీజర్ కూడా వెళ్లింది. పిన్నీసు మాత్రం ఇంకా గాజుకే ఉంది.