ఊనిక ఎక్కడ?

అమెరికాకు వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. చదువంతా ఇంగ్లీషు మీడియంలోనే సాగింది, గ్రామర్‌లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అయినా మీటింగులో ఒక మాట అనగానే అవతలివాళ్లు ‘సారీ?’ అంటారు. అదే మాటను ఇంకాస్త గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి చెబుతాం. రెండోసారీ అర్థం కాదు. దాంతో యాస వల్లే అనుకుని కొందరు నాలుక మడతపెట్టి అమెరికన్ రకారం పలకడం మొదలుపెడతారు, కొందరు మీటింగుల్లో మాట్లాడటమే తగ్గించేస్తారు. ఈ రెండూ అక్కర్లేదని చెప్పడానికే ఈ సంపాదకీయం. ఇబ్బంది చాలాసార్లు రకారంలో ఉండదు, ఊనికలో ఉంటుంది. ఏ మాటలో ఏ అక్షరాన్ని, ఏ వాక్యంలో ఏ మాటను ఒత్తి పలుకుతున్నామన్నదే అసలు సంగతి.

ఇది కొత్త విషయమేమీ కాదు. ఇప్పుడు ఇఫ్లూ అని పిలుస్తున్న హైదరాబాదు సంస్థలో పనిచేసిన ఆర్.కె. బన్సల్, భారతీయులు మాట్లాడే ఇంగ్లీషు ఇతర దేశాల శ్రోతలకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించారు. 1969లో ఆ పరిశోధన హైదరాబాదు నుంచే పుస్తకంగా వచ్చింది. మాట అర్థం కాకపోవడానికి ఆయన చూపించిన ముఖ్య కారణాల్లో ఊనిక తప్పుచోట పడటం ఒకటి. అర్ధ శతాబ్దం దాటినా మన బడుల్లో స్పెల్లింగుకు ఇచ్చిన శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి దక్కలేదు.

తెలుగులో ప్రతి అక్షరానికీ తన వాటా సమయం ఉంటుంది. హ్రస్వమైతే ఒక మాత్ర, దీర్ఘమైతే రెండు. లఘువును కూడా మనం చాలావరకు స్పష్టంగానే పలుకుతాం, అచ్చులను పెద్దగా మింగేయం. ఇంగ్లీషు అలా నడవదు. ఒకటికి మించి అక్షరాలున్న మాటలో ఒకటి ప్రధానంగా నిలబడుతుంది. దాని అచ్చు సాగుతుంది, స్పష్టంగా వినిపిస్తుంది, గొంతు అక్కడ స్థాయి మారుతుంది. మిగతావాటిలో చాలా అచ్చులు తమ రూపం పోగొట్టుకుని, నోరు పెద్దగా తెరవకుండా అనే ఒక మసక ‘అ’ లాంటి ధ్వనిగా మారిపోతాయి. అది మన లఘువు కన్నా కూడా పొట్టిది. అంటే ఊనిక సరిగా పడాలంటే ఒక అక్షరాన్ని పెంచితే చాలదు, పక్కవాటిని తగ్గించాలి. గట్టిగా పలకడం ఒక్కటే ఊనిక అనుకున్నవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

వినేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఇంగ్లీషు మాటల ప్రవాహంలో ఒక మాట ఎక్కడ మొదలైందో చెవికి తెలియాలి కదా. ఆన్ కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో లెక్కగట్టి చూపించినదాని ప్రకారం, మాటల్లో వచ్చే అర్థవంతమైన పదాల్లో దాదాపు 90 శాతం బలమైన అక్షరంతోనే మొదలవుతాయి. అందుకే బలమైన అక్షరం వినగానే అక్కడ కొత్త మాట మొదలైందని ఇంగ్లీషు వినేవాళ్ల చెవి అనుకుంటుంది, ఆ అక్షరంతో మొదలయ్యే మాటల కోసం వెతుకుతుంది.

‘ఈవెంట్’ తీసుకోండి. తెలుగులో ఆ మాట దీర్ఘంతో స్థిరపడింది, తెలుగులో మాట్లాడేటప్పుడు అది సరైనదే. ఇంగ్లీషులో ఊనిక ‘వెంట్’ మీద ఉంటుంది, ముందున్న ‘ఇ’ చిన్నగా తేలిపోతుంది. మనం ‘ఈ’ని సాగదీసి ‘వెంట్’ను వదిలేస్తే, వినేవాళ్లు ‘ఈవెన్’ అనే మాట దగ్గరికి వెళ్లిపోతారు. మనం మూడు మాటలు ముందుకు పోయేదాకా వాళ్లు అక్కడే ఉంటారు. ‘కెరీర్’ మొదటి అక్షరాన్ని ఒత్తితే ‘క్యారియర్’గా, అంటే సరుకు మోసే కంపెనీగా వినిపిస్తుంది. అందులో ‘రీర్’ సాగాలి, ‘కె’ దాదాపు కనిపించకుండా పోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు రోజుకు పదిసార్లు అనే ‘డెవలప్‌మెంట్’లో బరువు ‘వె’ మీద ఉంటుంది. మనం ‘డె’ మీద పెడతాం. ‘స్పెసిఫిక్’లో ‘సి’, ‘హోటల్’లో ‘టెల్’, ‘కమిటీ’లో ‘మి’.

వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టాల్సిన పని లేదు. మాట చివరి భాగం చాలావరకు ఊనిక చోటు చెప్పేస్తుంది. ‘షన్’, ‘ఇక్’, ‘ఇటీ’ చివరన ఉంటే, వాటికి సరిగ్గా ముందున్న అక్షరం మీద బరువు పడుతుంది. అప్లికేషన్‌లో ‘కే’, ఎకనామిక్‌లో ‘నా’, యూనివర్సిటీలో ‘వర్’. ‘ఆలజీ’, ‘ఆగ్రఫీ’ అని ముగిసే మాటల్లో ఆ ‘ఆ’ ఉన్న అక్షరం మీదే పడుతుంది. అందుకే ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఉన్న బరువు ‘ఫోటోగ్రఫీ’లో రెండోదానికి, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదానికి జరుగుతుంది. ‘ఇంజనీర్’, ‘వాలంటీర్’ లాంటి వాటిలో చివరి ‘ఈర్’ తానే బరువు మోస్తుంది. ‘పాలిటిక్స్’, ‘టెలివిజన్’ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటి అక్షరమే ప్రధానం.

మాట నుంచి వాక్యానికి వస్తే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ‘సారీ?’ అని ఎవరూ అడగరు. తప్పుగా అర్థమైందని కూడా ఎవరికీ తెలియదు. ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘క్యాన్’. మంగళవారం రాగలమని చెప్పడానికి ఫోనులో ‘ఐ క్యాన్ కమ్ ఆన్ ట్యూస్‌డే’ అంటాం. ఇక్కడివాళ్లు అదే వాక్యంలో ‘క్యాన్’ను ‘క్‌న్’ అన్నంత పొట్టిగా అనేసి, బరువంతా ‘కమ్’, ‘ట్యూస్’ మీద వేస్తారు. రాలేమని చెప్పాలంటే ‘క్యాంట్’ను నిండుగా, బరువుగా పలుకుతారు. అందులోని చివరి ‘ట్’ మాత్రం గొంతులోనే ఆగిపోతుంది, చాలాసార్లు బయటికి వినపడదు. అంటే వాళ్ల చెవి ఆ రెండు మాటలనూ ఎక్కువగా ‘ట్’తో కాదు, బరువుతో గుర్తుపడుతుంది. మనం ‘క్యాన్’ను మన అలవాటు ప్రకారం నిండుగా పలికితే వాళ్లకు ‘రాలేను’ అని వినిపించే అవకాశం ఎక్కువ. అపాయింట్‌మెంట్ వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మనకు కారణం కూడా తెలియదు. ‘ఎస్, ఐ క్యాన్’ అని వాక్యం అక్కడే ముగిస్తే మాత్రం ఆ ‘క్యాన్’ నిండుగానే ఉండాలి. అనుమానం ఉన్నప్పుడు ఆ మాటే లేకుండా ‘ట్యూస్‌డే వర్క్స్ ఫర్ మీ’ అనేయడం మేలు.

అంకెలతోనూ ఇదే చిక్కు. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ రెండింటిలోనూ మనం ‘టీ’ని ఒకేలా సాగదీస్తాం. పదిహేనులో చివరి అక్షరం సాగాలి, యాభైలో మొదటి అక్షరం మీద బరువు వేసి రెండోదాన్ని పొట్టిగా వదలాలి. మందుల మోతాదు చెప్పేటప్పుడైతే దీని మీద కూడా ఆధారపడొద్దు, ‘వన్ ఫైవ్’ అనో ‘ఫైవ్ జీరో’ అనో అంకెలు విడిగా చెప్పండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ముందుగా నేర్పాల్సింది ఇదే.

ఇక వాక్యంలో ప్రధానమైన మాట. తెలుగులో దేన్ని నొక్కి చెప్పాలో చూపడానికి మనకు ‘ఏ’కారం ఉంది. ‘టెస్ట్ రెండో సర్వర్ మీదే ఫెయిలైంది, మొదటిదాని మీద కాదు’ అంటాం. ఆ ‘మీదే’ చాలు, గొంతు పెద్దగా మార్చనక్కర్లేదు. మాటల వరుస మార్చి కూడా అదే పని చేస్తాం. ఇంగ్లీషుకు ఏకారం లేదు, వరుస మార్చే వీలూ తక్కువ. అందుకని ఆ పనిలో ఎక్కువ భాగం గొంతే చేయాలి. ‘ది టెస్ట్ ఫెయిల్డ్ ఆన్ ది సెకండ్ సర్వర్, నాట్ ది ఫస్ట్ సర్వర్’ అన్నప్పుడు బరువు ‘సెకండ్’ మీద, ‘ఫస్ట్’ మీద పడాలి. రెండో ‘సర్వర్’ ఇప్పటికే తెలిసిన మాట కాబట్టి అది కింది స్థాయిలో, త్వరగా వెళ్లిపోవాలి. మనం మాత్రం వాక్యం చివర ఉన్న మాటను ఒత్తే అలవాటులో రెండుసార్లూ ‘సర్వర్’నే ఒత్తుతాం. అది ఏదో కొత్త సర్వర్ అయి ఉంటుందని వినేవాళ్లు ఒక క్షణం వెతుక్కుంటారు. నిమిషానికి ఇలాంటివి నాలుగైదు పడితే, మన వాదన ఎంత బాగున్నా వాళ్లు అలసిపోతారు. 2004లో లారా హాన్ అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే ఉపన్యాసాన్ని ప్రధాన ఊనిక సరైన చోట, తప్పు చోట, అసలు లేకుండా మూడు రకాలుగా విద్యార్థులకు వినిపిస్తే, సరైన చోట పడినప్పుడు విన్నవాళ్లకే విషయం ఎక్కువగా గుర్తుంది.

ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పే ముందు, దాన్నే తెలుగులో అంటే ‘ఏ’ ఎక్కడ తగిలిస్తామో మనసులో చూసుకోండి. గొంతు లేవాల్సిన చోటు చాలావరకు అదే.

మాటల సాధనకు మా సలహా ఇది. డిక్షనరీ మొత్తం వద్దు, మీ ఉద్యోగంలో రోజూ అనే పది మాటలు రాసుకోండి. చాలా డిక్షనరీల్లో ఉచ్చారణ దగ్గర పైన కనిపించే చిన్న నిలువు గీత బరువైన అక్షరానికి ముందు ఉంటుంది. గీతను బట్టి మాటను ముందు అర్థం లేని అక్షరాలతో అనండి. డెవలప్‌మెంట్ అయితే ‘ద డా ద ద’. ఆ నడక నోటికి వచ్చాకే అసలు మాట అనండి. తర్వాత ఫోనులో రికార్డు చేసుకుని వినండి. నాలుగు అక్షరాలకూ ఒకే సమయం పట్టినట్టు వినిపిస్తే ఇంకా తగ్గించాల్సినవి తగ్గలేదన్నమాట. వేగం పెంచితే ఇది సరికాదు, ఇంకా గజిబిజి అవుతుంది. ఎవరైనా ‘సారీ?’ అన్నప్పుడు అన్ని అక్షరాలూ గట్టిగా అనకుండా, బరువైన ఒక్క అక్షరాన్నే సాగదీసి మళ్లీ చెప్పండి.

మనం మనం మాట్లాడుకునే ఇంగ్లీషుకు ఈ బాధ లేదు, అది హాయిగా అర్థమవుతుంది, దాన్ని మార్చుకోవాల్సిన అవసరమూ లేదు. ఇదే సమస్య ఇంట్లో తిరగబడి కనిపిస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు ‘కావాలి’ అనేటప్పుడు ‘వా’ను ఒత్తి మొదటి దీర్ఘాన్ని మింగేస్తే, ఊళ్లో ఉన్న నాయనమ్మకు వీడియో కాల్‌లో మాట అందదు. అది నిర్లక్ష్యం కాదు, ఇంగ్లీషు ఊనికను తెలుగుకు తెచ్చిపెట్టడం. వాళ్లను నవ్వి సిగ్గుపడేలా చేయకుండా, ప్రతి అక్షరానికీ దాని సమయం ఇవ్వడం నేర్పండి.

వచ్చే సంచికలో మన సభ్యులకు పనికొచ్చే మాటల పట్టికను, ఊనిక గుర్తులతో సహా వేయాలనుకుంటున్నాం. మీరు ఏ మాట అన్నప్పుడు అవతలివాళ్లకు అర్థం కాలేదో, వాళ్లకు అది ఏమని వినిపించిందో రాసి పంపండి. పేరు రాయనక్కర్లేదు, మాట, సందర్భం ఉంటే చాలు. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, పిల్లల స్కూళ్లలో ఎదురైన మాటలు ముందుగా పంపండి, పట్టికలో వాటికే మొదటి చోటు ఇస్తాం.