పాపకు కాదు, నాయనకు పాలసీ

మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే మొదట వచ్చేది అవ్వ, రెండోది పాలసీ ఏజెంటు. పేరు పెట్టే పండుగ అయ్యేలోపే బిడ్డ పేరుతో పద్దెనిమిదేళ్ళ పాలసీకి సంతకం అయిపోతుంది. ఇది తప్పు అని మేము అంటున్నాము. చదివి కోపం వస్తే రాయండి, జవాబు ఇస్తాము.

ముందు కాన్పు సంగతి. మనవాళ్ళు ఎక్కువ భయపడేది ఈ ఖర్చుకే. కానీ ఇది ఒక్కసారి వచ్చే ఖర్చు, తొమ్మిది నెలల ముందే తెలిసే ఖర్చు. ప్రసవ ఖర్చు ఇచ్చే ఆరోగ్య బీమాలు చాలావాటికి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా గడువు ఉంటుంది. నెల తప్పాక పోయి తీసుకుంటే ఉపయోగం లేదు, పెళ్ళయిన ఏడే చూసుకోవాలి. కంపెనీ ఇచ్చే బీమా ఉంటే సిజేరియన్‌కు ఎంత హద్దో ముందే అడగండి. బిడ్డ పుట్టగానే దాని పేరు కూడా చేర్చమని రాసివ్వండి. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో పెడితే ఆ బిల్లు కాన్పు బిల్లును మించిపోతుంది. సీమంతానికి మండపం అడ్వాన్సు ఇచ్చే ఇంట్లో ఈ రెండు ప్రశ్నలు అడిగేవాళ్ళు లేరు.

ఇప్పుడు అసలు తగాదా. తండ్రికి ముప్పై ఏళ్ళు అనుకుందాం. నెలకు ఐదు వేలు, అంటే ఏడాదికి 60,000 బిడ్డ పాలసీకి కడతాడు. పద్దెనిమిదేళ్ళలో కట్టేది 10 లక్షల 80 వేలు. చివర్లో 18 లక్షలు వస్తుందని ఏజెంటు కాగితం మీద రాసి చూపిస్తాడు. వినడానికి బాగుంది. లెక్క కడితే ఏడాదికి ఐదు శాతం చిల్లర, అంతే.

వడ్డీ తక్కువ అనేది చిన్న మాట. పెద్ద మాట వేరే ఉంది. ఆ పాలసీ ఎవరి ప్రాణం మీద? పాల బిడ్డ మీద. బియ్యం కొనేది పాల బిడ్డా? అయిదో ఏట తండ్రి పోతే ప్రీమియం కట్టేదెవరు? ప్రీమియం మాఫీ అనే షరతు విడిగా డబ్బు కట్టి చేర్చుకుంటేనే వస్తుంది చాలా పాలసీల్లో. చేర్చకపోతే పాలసీ సగంలో నిలిచిపోతుంది, వచ్చేది తగ్గిపోతుంది. మేము పే బిల్లులు రాసిన రోజుల్లో జీతంలోంచి పాలసీకి పట్టే పట్టీ పొడుగ్గా ఉండేది. అందులో పిల్లల పేర్లు చాలా చూసినాము.

అదే 60,000ను రెండుగా విడదీయండి. ఆరోగ్యంగా ఉండి పొగ తాగని ముప్పై ఏళ్ళ మనిషికి కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి పన్నెండు వేల చుట్టూ దొరుకుతుంది. మిగిలిన 48,000 పోస్టాఫీసులో పి.పి.ఎఫ్. ఖాతాలో వేయండి. ఇప్పటి వడ్డీ 7.1 శాతం. ఇది మారవచ్చు, కానీ ఇదే ఉంటే పద్దెనిమిదేళ్ళకు 17 లక్షల 60 వేలు చేరుతుంది. ఏజెంటు చెప్పినదానికంటే నలభై వేలు తక్కువ, నిజమే. కానీ ఈ పద్దెనిమిదేళ్ళూ ఇంటి వెనక కోటి రూపాయలు నిలబడి ఉంటుంది. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయించండి. అలా రాస్తే ఆ డబ్బు భార్యాబిడ్డలకే, తండ్రి అప్పులవాళ్ళు చెయ్యి పెట్టలేరు. తర్వాత రాయించడం కుదరదు.

ఆడబిడ్డ అయితే సుకన్య ఖాతా ఇంకా మేలు, వడ్డీ 8.2 శాతం. పదేళ్ళ లోపు తెరవాలి, పదిహేనేళ్ళు కట్టాలి. పద్దెనిమిది నిండినా, పదో తరగతి అయినా చదువుకు సగం తీయవచ్చు.

"పాలసీ అయితే కట్టక తప్పదు, అందుకే డబ్బు నిలుస్తుంది" అని ఒక పెద్దాయన వాదించినారు. ఆ మాటలో బలం ఉంది. చేతిలో ఉన్న డబ్బు మన చేతిలో నిలవదు, చీటీ ఎత్తిన మరుసటి రోజే తెలుస్తుంది. కానీ జీతం పడిన రోజే బ్యాంకు తానే పట్టుకొని పంపేలా రాసిస్తే అదే కట్టుబాటు వస్తుంది.

పైగా పాలసీ కాగితంలో కనపడని లోపం ఇంకొకటి. ప్రీమియం పద్దెనిమిదేళ్ళూ అదే 60,000. ఫీజు అక్కడే ఆగుతుందా? ఈరోజు 8 లక్షలయ్యే చదువు ఏటా ఎనిమిది శాతం పెరిగితే పద్దెనిమిదేళ్ళకు 32 లక్షలు. పాలసీ 18 దగ్గరే ఆగిపోతుంది. మన 48,000 కూడా అలాగే వదిలేస్తే ఆగిపోతుంది. జీతం పెరిగినట్టే ఏటా ఎనిమిది శాతం ఎక్కువ వేస్తూ పోతే దాదాపు 32 లక్షలు అవుతుంది. చివరి మూడేళ్ళు పి.పి.ఎఫ్. హద్దు లక్షన్నర దాటిపోతుంది, మిగిలినది బ్యాంకు డిపాజిట్లో వేసుకోవాలి. ఖాతా పదిహేనేళ్ళకు ముగుస్తుంది కాబట్టి ఐదేళ్ళు పొడిగించాలి. పొడిగించినప్పుడు ఉన్న నిల్వలో అరవై శాతమే ఆ ఐదేళ్ళలో తీయవచ్చు. మిగతాది ఇరవయ్యో ఏట వస్తుంది, అప్పటికి మూడో ఏడు ఫీజు వచ్చి నిలబడుతుంది.

మన సంఘం పండుగల్లో ఏజెంట్లకు మైకు ఇవ్వడం ఆపాలని మేము అడగడం లేదు. మైకు పట్టుకునే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి సంతకం పెట్టాలి: ఎవరి ప్రాణానికి బీమా, రేపే తండ్రి పోతే చేతికి ఎంత, వడ్డీ ఎంత శాతం. కార్యదర్శిగారు ఈ నెల సమావేశంలో దీన్ని పెట్టాలి.